సైకిలు చక్రం ఎన్నిసార్లు గీయాలి?

మూడు నిమిషాల సినిమా. ఒక తాత, ఒక మనవరాలు, ఒక పాత సైకిలు. సైకిలు వెనక క్యారియర్ మీద తాడుతో బిగించి కట్టిన కుట్టుమిషను. తాత ఊరూరా తిరిగి చిరిగిన బట్టలు కుడుతుంటాడు. మనవరాలు ముందు కడ్డీ మీద కూర్చుని అతనితోపాటు వెళ్తుంది. దారిలో వాన పట్టుకుంటుంది. కథ అంతే, మాటలు లేవు.

ఈ కథను బొమ్మల వరసగా గీసుకుని ఇద్దరు స్నేహితులు కిందటేడు వానాకాలంలో నా దగ్గరికి వచ్చారు. హైదరాబాదులో చెరో స్టూడియోలో ఉద్యోగం చేసుకుంటూ, ఇది సొంతంగా చేయాలని వాళ్ల పట్టుదల. స్టోరీబోర్డుతోపాటు ఒకే దృశ్యాన్ని రెండు రకాలుగా వేసి తెచ్చారు. మొదటిదాంట్లో అన్నీ చదునైన రంగులే. తాత చొక్కా ఒకే నీలం, ఆకాశం ఒకే బూడిద, నీడ లేదు, కుంచె జాడ లేదు. రెండోది నీటిరంగుల బొమ్మ. మబ్బు తడి చెట్ల మీదకి కారింది, చొక్కా అంచు దగ్గర నీలం చిక్కబడింది, కాగితపు గరుకు మధ్య తెల్లటి చుక్కలు మిగిలాయి.

“ఏది బాగుందన్నా?” అనడిగింది అమ్మాయి.

రెండోదే బాగుంది. ఆ మాట ఎవరైనా చెబుతారు, అందుకే నేను చెప్పలేదు. “ఎన్నాళ్లు పెట్టగలరు?” అనడిగాను. ఆరు నెలలన్నారు. రాత్రుళ్లు, శని ఆదివారాలు కలిపితే నెలకు ఇద్దరిదీ ఇరవై రోజుల పని. అంటే మొత్తం 120 రోజులు. ఈ వ్యాసమంతా ఆ 120 రోజులకు ఏది పడుతుందన్న లెక్కే.

మన పాఠకులకు ఈ రెండు పద్ధతుల తేడా తెలియనిదేమీ కాదు. బాపు గీత తెలుసు, వడ్డాది పాపయ్య రంగు తెలుసు. పత్రిక ముఖచిత్రానికైతే ఈ రెండింటిలో ఏది కావాలన్నది రుచికి సంబంధించిన ప్రశ్న. అదే బొమ్మ కదలాలంటే మాత్రం ప్రశ్న మారిపోతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు, కంటికి కదలిక సాఫీగానే ఉంటుంది. స్టూడియోల్లో దీన్ని ‘టూస్ మీద చేయడం’ అంటారు. మూడు నిమిషాలంటే 180 సెకన్లు, ఆ లెక్కన 2,160 బొమ్మలు. అయితే పాత్రలు క్షణం ఆగకుండా కదలవు. తాత సూదిలో దారం ఎక్కిస్తూ కళ్లు చిట్లించి ఆగిపోతాడు. కొన్ని షాట్లలో ఖాళీ రోడ్డు తప్ప ఏమీ ఉండదు. స్టోరీబోర్డు ముందు పెట్టుకుని షాటు షాటుకూ లెక్కేస్తే సుమారు 1,400 బొమ్మలు తేలాయి. నీటిరంగు బొమ్మ ఒక్కటి బాగుందా లేదా అన్నది ఇక్కడ సమస్య కాదు. అలాంటివి 1,400 వేయాలి, పక్కపక్కన పెట్టినప్పుడు అవి ఒకదానితో ఒకటి గొడవపడకూడదు.

ముందు చదును రంగుల సంగతి చూద్దాం. వెక్టర్ అంటే కంప్యూటరు బొమ్మను రంగు చుక్కల గుంపుగా కాకుండా, కొన్ని బిందువులు, వాటిని కలిపే వంపులుగా గుర్తుంచుకోవడం. ఆ వంపు లోపల ఏ రంగు నింపాలో కూడా దానికి తెలుసు. బొమ్మను ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. తాత చొక్కాకు ఒక రంగు పేరు పెట్టి, సినిమా అంతా ఆ పేరుతోనే నింపితే, ఆఖరి వారంలో నీలం వద్దు, గోధుమరంగు కావాలనుకున్నా ఒక్కచోట మారిస్తే నలభై షాట్లలోనూ మారిపోతుంది.

కదిలించడానికి తోలుబొమ్మ పద్ధతి ఉంది. నిమ్మలకుంట కళాకారులు మేకతోలు మీద తల, భుజం, మోచేయి, అరచేయి విడివిడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో కడతారు కదా, కంప్యూటర్లో రిగ్ అనేది అదే. పాత్రను ముక్కలుగా చేసి, కీళ్లు బిగించి, ప్రతి కదలికకూ కొత్తగా గీయకుండా ముక్కల్నే తిప్పుతారు. తోలుబొమ్మ ఒక పక్క నుంచే కనిపిస్తుంది. సినిమా పాత్రకు మాత్రం ఎదురు, పక్క, ఓరగా, వెనక అని నాలుగు వైపుల ముక్కలు కావాలి. ఆ పైన చేతుల రకరకాల భంగిమలు, కళ్ల మూతలు, నోటి ఆకారాలు. తాతకీ మనవరాలికీ కలిపి రిగ్ చేయడానికి పదిహేను రోజులు వేశాను. ఆ పదిహేను రోజులూ ఒక్క సెకను సినిమా కూడా తయారవదు. డబ్బు పెట్టేవాడు పక్కనుంటే అతనికి కడుపులో మంట మొదలయ్యేది అప్పుడే. ఆ తర్వాత మాత్రం బండి పరుగెడుతుంది. నేను చూసినంతలో, చేయి తిరిగిన మనిషి ఇలాంటి రిగ్‌తో రోజుకు ఐదు సెకన్ల సినిమా లాగేస్తాడు.

ఈ చదును రంగులు పొదుపు కోసం పుట్టినవని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికాలో యూపీఏ అనే స్టూడియో 1950లో ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’ అనే చిన్న సినిమా తీసింది. మాటలకు బదులు చప్పుళ్లు మాత్రమే చేసే పిల్లాడి కథ. అందులో గదికి గోడలుండవు. ఒకే రంగు పరిచి, దాని మీద నాలుగు గీతలు గీస్తే అదే గది. పిల్లాడి భయాన్నిబట్టి ఆ రంగు మారుతుంది. డిస్నీ వాళ్ల నిండైన బొమ్మలకు విసిగిన చిత్రకారులు ఇష్టపడి ఎంచుకున్న దారి అది. దానికి ఆస్కార్ వచ్చింది. తర్వాత టీవీ వచ్చింది, వారం వారం బొమ్మలు కావలసొచ్చాయి, ఆ దారే పొదుపు దారి అయింది. యోగి బేర్ అనే ఎలుగుబంటికి ఒంటి మీద చొక్కా ఉండదు గానీ మెడకు కాలరు, టై ఉంటాయి. ఆ కాలరు ఫ్యాషన్ కోసం కాదు. ఒంటి బొమ్మను అలాగే ఉంచి తలను మాత్రం మళ్లీ గీస్తే, అతుకు కనబడకుండా కాలరు కప్పేస్తుంది.

చదును రంగులకూ ఒక ఖరీదు ఉంది. అది రోజుల లెక్కలో కనబడదు. నీడ, గరుకు, మరక లాంటివేవీ లేవు కాబట్టి తప్పు దాక్కోవడానికి చోటుండదు. తాత పెడలు తొక్కేటప్పుడు ఒళ్లు బరువుగా ఒరగకపోతే, అట్టముక్క జారినట్టు కనిపిస్తుంది. నీటిరంగు బొమ్మలో అదే తప్పును రంగు కాస్త కాపాడుతుంది, చూసేవాడి కన్ను మరక మీదకు పోతుంది కాబట్టి. ఇంకో చిక్కు, ముదురు లేతల తేడా. బూడిద ఆకాశం మీద నీలం చొక్కా రంగులో వేరుగా ఉన్నా, రెండూ ఒకే ముదురులో ఉంటే ఫోన్ తెర మీద తాత ఆకాశంలో కలిసిపోతాడు. బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. మా వాళ్ల మొదటి బొమ్మలో తాత నిజంగానే మాయమయ్యాడు, సైకిలు ఒక్కటే మిగిలింది.

ఇక నీటిరంగులు. ఇక్కడ ఒక పాత రహస్యం చెప్పాలి. మనం నీటిరంగుల సినిమా అని మురిసిపోయే వాటిలో చాలా వాటికి కదిలేది నీటిరంగు కాదు. 1937 నాటి ‘స్నో వైట్’లో అడవి, ఇల్లు, బావి నీటిరంగులే. వాటి ముందు నడిచే పిల్ల మాత్రం పారదర్శకమైన సెల్ మీద చదునుగా నింపిన రంగు. 1941లో ‘డంబో’ కూడా అంతే. అరవై ఏళ్ల తర్వాత ‘లిలో అండ్ స్టిచ్’ కోసం డిస్నీ చిత్రకారులు మళ్లీ నీటిరంగుల బ్యాక్‌గ్రౌండ్లు నేర్చుకుని వేశారు. అక్కడ కూడా పాత్రలు చదునే. వెనక ఉన్న బొమ్మ షాటుకు ఒక్కటే కాబట్టి, దాని మీద ఒక రోజంతా కూర్చున్నా నష్టం లేదు. పైగా ఆ ఒక్క బొమ్మ ఐదు సెకన్ల పాటు తెర నిండా కనబడుతుంది. యానిమేషన్లో పెట్టిన గంటకు ఇంత ఫలితమిచ్చే పని ఇంకోటి నాకు తెలియదు.

పాత్రలు కూడా నీటిరంగులోనే కదలాలని పట్టుబట్టినవాడు ఇసావో తకహతా. జపాన్లోని జిబ్లీ స్టూడియోలో 1999లో ‘మై నైబర్స్ ద యమడాస్’ తీశాడు. వార్తాపత్రికలో వచ్చే కార్టూను కుటుంబం కథ. చూస్తే ఎవరో పది నిమిషాల్లో గీసి పడేసినట్టుంటుంది. అక్కడే ఉంది మెలిక. నీటిరంగు బొమ్మలో గీతలు పూర్తిగా కలవవు, రంగు గీత దాకా వెళ్లదు, ఒక్కోసారి గీత దాటిపోతుంది. కంప్యూటరుకు రంగు నింపమని చెబితే దానికి మూసి ఉన్న హద్దు కావాలి, లేకపోతే రంగు బయటికి కారిపోతుంది. అందుకని ఒక్కో బొమ్మకు కనిపించే గీతల కాగితం ఒకటి, రంగు హద్దులు చెప్పే కనబడని కాగితం ఇంకొకటి, రంగు చిక్కదనం ఎక్కడ మారాలో చెప్పేది మరొకటి, ఇలా విడివిడిగా గీయాల్సి వచ్చింది. మామూలు సినిమాకు మూడింతల గీత పని. చేతికొచ్చినట్టు గీసినట్టు కనబడటానికి పడ్డ పాట్లు అవి. అయినా తకహతా మానలేదు. తర్వాతి సినిమా ‘ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కగుయా’ 2013లో విడుదలయింది. దాని తయారీకి ఎనిమిదేళ్లు పట్టింది.

మన దగ్గర గీతాంజలి రావు ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ ఉంది. పదిహేను నిమిషాల సినిమా. ఫ్రేములన్నీ తన చేత్తో కాగితం మీద వేసుకుంది. 2006లో కాన్ క్రిటిక్స్ వీక్‌లో బహుమతులు తెచ్చుకుంది. ఇలాంటి సినిమాలు చూసి ఆవేశపడి మొదలుపెట్టి, నలభై సెకన్ల దగ్గర ఆగిపోయిన కుర్రవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆగిపోయిన వాళ్లలో ప్రతిభ లేనివాళ్లు ఎవరూ లేరు. ముందు లెక్క వేసుకోలేదు, అంతే.

కదిలే నీటిరంగు ఎందుకంత కష్టమో చూడాలంటే తాత చొక్కా మీది ఒక్క మరకను పట్టుకుంటే చాలు. తాత తెర మీద ఎడమ నుంచి కుడికి వెళ్తున్నాడు. ఆ మరక ఏం చేయాలి? మూడే దారులున్నాయి.

మరకను తెరకు అంటించి, దాని కింద తాత ఆకారాన్ని జరపడం ఒక దారి. చాలా చవక. కానీ తాత కదులుతుంటే చొక్కా మీది మరక కదలదు. బాత్‌రూమ్ గరుకు అద్దం వెనక ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో కూడా దీనికి షవర్ తలుపు పేరే పెట్టారు. తాత నెమ్మదిగా కదిలే షాట్లలో ఇది ఎవరి కంటా పడదు. పరుగెత్తాడంటే మాత్రం వెంటనే దొరికిపోతుంది.

మరకను చొక్కాకే అంటించడం రెండో దారి. అంటే రిగ్‌లోని ప్రతి ముక్కనూ ముందే నీటిరంగుతో వేసి, ఆ ముక్కల్నే తిప్పడం. ఇదీ చవకే. కానీ చేయి వంగినప్పుడు మరక రబ్బరులా సాగుతుంది. నీటిరంగు బొమ్మ కదులుతున్నట్టు ఉండదు, అచ్చువేసిన గుడ్డ తొడుక్కున్న బొమ్మ కదులుతున్నట్టు ఉంటుంది. మోచేతి దగ్గర ఇంకో తంటా ఉంది. నీటిరంగు ఆరేటప్పుడు రంగు రేణువులు అంచుకు చేరి అక్కడ ముదురు గీతలా పేరుకుంటాయి. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట ఆ ముదురు అంచులు కనబడి, మోచేతికి కట్టు కట్టినట్టు తయారవుతుంది. కీళ్ల దగ్గర అంచును చెరిపి లేతగా కలుపుకుంటూ పోవాలి.

మూడోది, ప్రతి బొమ్మకూ మరకను మళ్లీ వేయడం. అసలైన నీటిరంగు యానిమేషన్ ఇదే. ఇక్కడ చేతికి తెలియకుండానే మరక ప్రతిసారీ కాస్త జరుగుతుంది, కాస్త పెరుగుతుంది. సెకనుకు పన్నెండుసార్లు మారే ఆ మరక తెర మీద కుతకుతలాడుతుంది. మా వాళ్లు దీన్ని ‘బాయిల్’ అంటారు, పొయ్యి మీద పప్పులా ఉంటుంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. కొంచెం కుతకుత అందమే, బొమ్మకు ఊపిరి వచ్చినట్టుంటుంది. ఎక్కువైతే చూసేవాడి కన్ను తాత ముఖం వదిలేసి చొక్కా మీదే ఉండిపోతుంది. దీన్ని అదుపులో పెట్టడానికే చాలా గంటలు పోతాయి. ఆగి ఉన్న పాత్రకైతే ఒక ఉపాయం ఉంది. ఒకే బొమ్మకు మూడు నాలుగు రంగు పూతలు వేసి, ఒక్కోదాన్ని నాలుగేసి ఫ్రేముల పాటు ఉంచుతూ తిప్పితే పాత్ర బతికున్నట్టే ఉంటుంది, పని పెరగదు.

నిజం కాగితం మీద వేస్తే ఇంకా కొన్ని తలనొప్పులు. తడిలో కనిపించిన రంగు ఆరాక లేతబడుతుంది. మే నెలలో కుంచె తీసేలోపే ఆరిపోయి గట్టి అంచులు పడతాయి. జూలైలో గంటసేపు ఆరదు, కాగితం ఉబ్బుతుంది, ఉబ్బిన కాగితాన్ని స్కాన్ చేస్తే ఒక పక్క నీడ పడుతుంది. ఇవాళ కలిపిన నీలం, వచ్చే వారం కలిపే నీలం ఒకటి కావు. అందుకే తెలిసినవాళ్లు సినిమా అంతటికీ సరిపడా నీలాన్ని ఒకేసారి సీసాలో కలిపి పెట్టుకుంటారు. ఇంకొకటి, నీటిరంగు పారదర్శకం. తాత బొమ్మను కంప్యూటర్లో చెట్టు బొమ్మ మీద పెడితే తాత ముఖంలోంచి చెట్టు కనిపిస్తుంది. దాన్ని ఆపడానికి తాత ఆకారంలోనే ఒక తెల్లటి ముక్కను కింద పరచాలి. 1,400 బొమ్మలుంటే 1,400 తెల్లటి ముక్కలు. కొత్తవాళ్లు వేసుకునే లెక్కల్లో ఈ పని నాకెప్పుడూ కనబడలేదు.

దిద్దుబాట్ల సంగతి నా సొంత గాయం. చాలా ఏళ్ల కిందట ఒక చీరల ప్రకటనకు ముప్ఫై సెకన్ల నీటిరంగుల బొమ్మ చేశాం. రెండు వందల పైచిలుకు బొమ్మలకు రంగు వేసి చూపించాక, “అంచు ఆకుపచ్చ కాదండీ, చిలకపచ్చ” అన్నారు. చదును రంగయితే టీ తాగేలోపు మార్చి ఇచ్చేవాళ్లం. రంగును కంప్యూటర్లో కొంత జరపొచ్చు గానీ, అంచు రంగు పక్కనున్న పసుపులోకి కారి ఉంది. అందుకే రంగు వేశాం కదా మరి, కారాలని. పదకొండు రాత్రులు కూర్చుని మళ్లీ వేశాం. అప్పటినుంచి పూర్తిగా రంగు వేసిన ఒక బొమ్మ మీద సంతకం తీసుకోకుండా రెండో బొమ్మ మొదలుపెట్టను.

ఇప్పుడు మా తాత సైకిలు లెక్క. ఇవి నా అనుభవం మీద వేసిన అంచనాలు. మీ చేయి వేగాన్నిబట్టి మారతాయి. ఒకదానికొకటి ఉన్న నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

చదును రంగుల సినిమాకు పాత్రల రూపకల్పన పది రోజులు, రిగ్ పదిహేను. నలభై షాట్లకు, కొన్ని మళ్లీ మళ్లీ వాడుకుంటాం కాబట్టి, ఇరవై ఐదు బ్యాక్‌గ్రౌండ్లు చాలు. రోజుకు రెండు చొప్పున పదమూడు రోజులు. యానిమేషన్ రోజుకు ఐదు సెకన్ల లెక్కన 36 రోజులు. అన్నిటినీ కలిపి షాటుగా కూర్చడానికి ఐదు, దిద్దుబాట్లకు ఆరు. మొత్తం 85 రోజులు.

పూర్తి నీటిరంగుల సినిమాకు, అదీ కాగితం మీద కాకుండా కంప్యూటరు కుంచెతోనే వేస్తే, రిగ్ ఉండదు. ఒక్కో బొమ్మకు చిత్తు గీత 24 నిమిషాలు, దాన్ని శుభ్రంగా తిరిగి గీయడం 20, తెల్లటి ముక్కతో కలిపి రంగు 25. బొమ్మకు 69 నిమిషాలు. అటూ ఇటుగా ఒక గంట అంటే వినడానికి ఎంతో అనిపించదు. 1,400తో గుణిస్తే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 201 రోజులు. రూపకల్పన, బ్యాక్‌గ్రౌండ్లు, కూర్పు, దిద్దుబాట్లు కలిపితే 273 దగ్గర తేలింది. మూడింతల పైమాటే. నెలకు ఇరవై రోజుల మనుషులకు ఇది పదమూడు నెలలు దాటిపోతుంది.

ఆ అంకె చూసి అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బ్యాక్‌గ్రౌండ్లు మాత్రం నీటిరంగులు వేసి, తాతను చదునుగా ఉంచితే?” అన్నాడు. స్నో వైట్ దారి. చేయొచ్చు. కానీ మెత్తటి తడి బొమ్మ ముందు కత్తిరించిన కాగితంలాంటి తాత నిలబడితే, రెండు సినిమాలు ఒకదాని మీద ఒకటి పడినట్టుంటుంది. అందుకని తాత అంచును కొంచెం గరుకు చేయాలి, రిగ్ ముక్కలకు నీటిరంగు పూత ఇవ్వాలి, మొత్తం ఫ్రేము మీద ఒకే కాగితపు గరుకును పలచగా పరవాలి. ఈ చివరిదే రెండింటినీ ఒక ఇంటివాళ్లను చేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్లకు ఇంకో 17 రోజులు, ముక్కల పూతకు ఐదు, కూర్పుకు ఐదు పెరుగుతాయి. 112 రోజులు. 120లో పడుతుంది.

“మరి వాన?” అంది అమ్మాయి.

కథ మొత్తం వాన కోసమే కదా. తాత సైకిలు దిగి, కుట్టుమిషను మీద తన చొక్కా విప్పి కప్పుతాడు. మనవరాలు తాత తల మీద తన రెండు చేతులూ గొడుగులా పడుతుంది. ఇరవై సెకన్ల ఆ ఒక్క ఘట్టాన్ని ప్రతి బొమ్మా విడిగా, అసలు నీటిరంగులా వేద్దామని ఆమె కోరిక. నాకు నచ్చింది. నీనా పేలీ 2008లో తీసిన ‘సీతా సింగ్స్ ద బ్లూస్’లో రామాయణం ఒకచోట చదునైన వెక్టరు బొమ్మల్లో, ఇంకోచోట కుంచెతో వేసిన బొమ్మల్లో, మరోచోట నీడబొమ్మల్లో నడుస్తుంది. శైలి మారినప్పుడు ప్రేక్షకుడు తికమకపడడు, కథలో ఏదో మారిందని గ్రహిస్తాడు. ఇక్కడా అంతే. వాన తాకేదాకా తాత పొడిగా, ముక్కలుగా ఉంటాడు. తడిశాక కరుగుతాడు.

ఇరవై సెకన్లకు 156 బొమ్మలు, 22 రోజులు. ఆ మేరకు రిగ్ యానిమేషన్ నాలుగు రోజులు తగ్గుతుంది. మొత్తం 130 అయింది. పది రోజులు ఎక్కువ. ఘట్టాన్ని పన్నెండు సెకన్లకు కుదించారు. మనవరాలి చేతులు పైకి లేచేదాకా పాత పద్ధతే, అక్కడినుంచి నీటిరంగు. 123 రోజులు. మిగిలిన మూడు రోజులకు దసరా సెలవులు ఉన్నాయన్నారు.

అయినా వెంటనే మొదలుపెట్టనివ్వలేదు. ఒక్క ఐదు సెకన్ల షాటును మొదటినుంచి చివరిదాకా పూర్తి చేసి, గడియారం పెట్టి చూసుకురమ్మన్నాను. తేలిక షాటు కాదు. తాత ఓరగా తిరుగుతూ, సైకిలు తొక్కుతూ, వెనక చెట్లు జరుగుతూ ఉండాలి. అంచనాలు తప్పేది అలాంటి షాట్లలోనే. చేశాక ఫోన్లో, మామూలు ఇంటర్నెట్ మీద ఆడించి చూడమన్నాను. ఫ్రేము ఫ్రేముకూ మారే గరుకును వీడియో కుదింపు తట్టుకోలేదు. ఇసుకలాంటి కాగితం కాస్తా చతురస్రాల ముద్దగా మారుతుంది. చదును రంగులకు ఈ బెడద చాలా తక్కువ. అందుకే మేం పరిచే గరుకును స్థిరంగా ఉంచాం, కదిలించలేదు.

రెండు వారాల తర్వాత షాటు తెచ్చారు. అనుకున్నదానికంటే ఒక రోజు ఎక్కువ పట్టింది. తాత బాగున్నాడు. చెట్లు బాగున్నాయి. తప్పు చక్రం దగ్గర దొరికింది. నీటిరంగుతో ఒకే ఒక్క చక్రం వేసి, దాన్నే గిరగిరా తిప్పారు. చక్రం అంచు మీద కుంచె ఆగిన చోట ఒక ముదురు మరక పడింది. సెకనుకు ఒకసారి ఆ మరక పైకి వచ్చి కిందికి పోతోంది. ఒకసారి కనబడ్డాక ఇక తాతను చూడలేకపోయాం.

పుల్లలు లేకుండా, వేరు వేరు చోట్ల మరకలున్న నాలుగు చక్రాలు వేసి, వాటిని తిప్పకుండా రెండేసి ఫ్రేములకు ఒకటి చొప్పున మార్చుకుంటూ పొమ్మన్నాను. పుల్లల బదులు మధ్యలో పలచటి తడి పూత. మర్నాడు రాత్రి అమ్మాయి ఫోన్‌లో వీడియో పంపింది. కింద ఒకే మాట రాసింది: “నాలుగు చక్రాలు, రెండు గంటలు.”